అట్టముక్క మీద నాలుగు వాక్యాలు

వీధిలో అందరూ ఆయన్ని డ్రైవరు గారనే పిలుస్తారు. బస్సు వదిలేసి ఎన్నేళ్ళయినా ఆ పిలుపు మాత్రం ఆయన్ని వదల్లేదు. ఇప్పుడాయన నడిపేది మగ్గం, అదీ దుకాణం వెనక గదిలో కిటికీ పక్కన. ముందు గదిలో భార్య కూర్చుని, ఆయన నేసిన దుప్పట్లూ కిటికీ తెరలూ అమ్ముతుంది. కొనడానికొచ్చిన కొత్తవాళ్ళెవరైనా ఈ డ్రైవరు గారెవరండీ అని అడిగితే ఆయన వినబడనట్టు మొహం తిప్పేసుకుంటాడు.

తిప్పేసుకోక ఏం చేస్తాడు పాపం. దుకాణం గోడ మీదా, ఫోనులో కనిపించే పేజీలోనూ, ప్రతి దుప్పటికీ కట్టే అట్టముక్క మీదా ఒకటే రాసి ఉంటుంది: ‘తరతరాల నేత వారసత్వం. ప్రకృతి రంగులు. ప్రేమతో నేసిన ప్రతి పోగూ ఒక కథ చెబుతుంది.’ తరతరాల సంగతి దేవుడెరుగు, ఆయన వైపు మగ్గం మొహం చూసినవాడే లేడు. తండ్రి బస్సు డ్రైవరు, తాత లారీ డ్రైవరు. ఆ మాటలు రాయించింది భార్య. డ్రైవరు నేసిన గుడ్డ ఎవరు కొంటారని ఆవిడ బెంగ. ఆయనా కాదనలేదు. కొన్నవాళ్ళు వెనక గదిలోకి వచ్చి చేతులు పట్టుకుని పొగుడుతుంటే తల దించుకునేవాడు. వాళ్ళు దాన్ని వినయం అనుకుని ఇంకాస్త పొగిడేవాళ్ళు.

ఇలా బండి సాఫీగానే నడిచేది. ఈమధ్య పట్నంలో పెద్ద దుకాణం ఉన్నావిడ వచ్చి, దుప్పట్లు చూసి మెచ్చుకుని, అట్టముక్క చదివి పెదవి విరిచింది. “నా దగ్గరికి సరుకు తెచ్చే ప్రతివాళ్ళూ ఇదే రాసుకొస్తున్నారు. చదివి చదివి విసుగొచ్చింది. మీ సంగతేదో మీరు రాయించండి, అప్పుడు నా దుకాణంలో పెడతాను,” అని వెళ్ళిపోయింది.

అందుకని భార్య తనకు వరసకు చెల్లెలయ్యే ఒకావిడ కూతుర్ని పిలిపించింది. దుకాణాలకూ చిన్న కంపెనీలకూ ఇలాంటివి రాసిపెట్టడమే ఆ పిల్ల ఉద్యోగం. వస్తూనే ఎర్ర పెన్ను తీసింది.

“పెద్దమ్మా, ఈ అట్ట మీద మన దుకాణం పేరు వేలితో మూసెయ్యి. పక్కవీధి వాళ్ళ పేరు ఉందనుకుని చదువు. ఎక్కడైనా తేడా కొట్టిందా?”

పెద్దమ్మ రెండుసార్లు చదివింది. “లేదే.”

“అయితే ఇందులో మనదేమీ లేదు. పోనీ, ఈ ప్రకృతి రంగులు ఎక్కడివి?”

“రంగేసిన నూలే కొంటాం కదా. మామూలు రంగులే. అందరూ రాస్తున్నారని రాయించాను.”

ఆ వాక్యం మీద ఎర్ర గీత పడింది. పిల్ల వెనక గదిలోకి తొంగి చూసింది. “పెదనాన్నా, ప్రేమతోనే నేస్తున్నారా?”

“పోగు తెగినప్పుడు వచ్చి విను, ఎంత ప్రేమో తెలుస్తుంది.”

అదీ పోయింది. సాయంత్రానికి పిల్ల కొత్తది రాసి తెచ్చింది. మగ్గంలో ఉన్న భాగాలన్నీ అందులో దిగిపోయాయి. పడుగు, పేక, పన్నె, నాడె అంటూ పేర్లన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఊపిరాడకుండా ఉన్నాయి. డ్రైవరు గారు కళ్ళజోడు సర్దుకుని చదివి, “మగ్గం రిపేరు పుస్తకంలా ఉందమ్మా,” అన్నాడు. పిల్ల మొహం చిన్నబోయినా నిజమేనని ఒప్పుకుంది. అలంకారాలు తీసేసి ఆ ఖాళీలో సామాను నింపానంది. మర్నాడు ఏమీ అడగకుండా ఊరికే కూర్చుంటానని చెప్పి, పెద్దమ్మ పక్కన కుర్చీ వేసుకుంది.

మర్నాడు డ్రైవరు గారు మామూలుగా నేసుకుంటున్నాడు. ముందు గదిలో టకటకమని బల్ల చప్పుడైంది. ఆయన ఆగి, చివర అడ్డంగా వేసిన పోగు, ఆ పేక విప్పి, మళ్ళీ నేశాడు. ఇంకాసేపటికి అలాగే ఇంకోసారి. పిల్ల గుమ్మంలోకొచ్చి నిలబడింది.

“పెదనాన్నా, పెద్దమ్మ కత్తెరతో బల్ల మీద కొట్టగానే మీరు ఆగిపోతున్నారు. ఎందుకు?”

ఆయన బిత్తరపోయాడు. తాను ఆగుతున్నట్టు ఆయనకే తెలియదు. ఊపిరి పీల్చుకోవడం గురించి అడిగినట్టుంది.

“అదా… నాది బస్సు చెయ్యి కదమ్మా. ఒక్కోసారి తాడు గట్టిగా లాగేస్తాను. పేకని అటూ ఇటూ మోసే నాడె అవతలి పెట్టెకి తగిలి వెనక్కి తుళ్ళుతుంది. అప్పుడు అంచు దగ్గర పేక వదులైపోతుంది. సరిగ్గా ఆగితే ఒకటే చప్పుడు, తుళ్ళితే రెండు. మీ పెద్దమ్మకి అక్కడ్నించే వినబడుతుంది.”

“ఆవిడకెలా తెలుసు?”

భార్య అక్కడి నుంచే గబగబా అందుకుంది. “మీ పెదనాన్నకి వాళ్ళ నాన్న నేర్పారని రాసెయ్యవే, గొడవ వదిలిపోతుంది.”

ఆ అబద్ధం ఎన్నోసార్లు విన్నదే. ఆవేళ మాత్రం ఆయనకు మింగుడు పడలేదు. బస్సు కంపెనీ మూతపడ్డాక ఇంట్లో గోడవంక చూస్తూ కూర్చున్న రోజులు గుర్తొచ్చాయి. నేతపని వాళ్ళింట్లో పుట్టిన భార్య, మోకాళ్ళు సహకరించక తొక్కుడు కర్రలు తొక్కలేని స్థితికొచ్చి, తన మగ్గం మీద ఆయన్ని కూర్చోబెట్టింది. మొదట్లో ఆయన కర్రల్ని బ్రేకులా తొక్కేవాడు. ఆవిడ వెనక నిలబడి, ఆయన చేతి మీద చెయ్యి వేసి, మెల్లగా, మెల్లగా అనేది. ఒక్కనాడూ కసురుకోలేదు. ఆ చేతికి దక్కాల్సిన పొగడ్తలన్నీ ఇన్నాళ్ళూ తానే తలొంచుకుని పుచ్చుకున్నాడు. సిగ్గూ, ఆవిడంటే పట్టరాని ఇష్టమూ ఒక్కసారే పొంగుకొచ్చాయి.

“రాసుకోమ్మా,” అన్నాడు. “నేర్పింది మీ పెద్దమ్మే.”

భార్య లేచి గుమ్మం దగ్గరికొచ్చింది. “వద్దండీ. జనం నవ్వుతారు. పెళ్ళాం దగ్గర నేర్చుకున్నాడంటారు.”

“నేర్చుకున్నాగా.”

“మీ పరువు…”

“నా పరువు కోసమని నిన్ను వెనక్కి నెట్టాను. ఇంక చాలు. నాకు నిద్ర పట్టేలా ఉండాలంటే అది రాయాల్సిందే.”

పిల్ల పెన్ను మూత పెట్టేసింది. “ఇద్దరూ సరేనంటేనే రాస్తాను. ఇది మీ కాపురం, నా రాత కాదు.”

భార్య బల్ల మీది పాత అట్టముక్క తెచ్చుకుని మళ్ళీ చదువుకుంది. చివరికి, “రంగుల ముక్క కూడా నిజమే రాయి,” అంది. ఒప్పుకోవడం ఆవిడకు అలాగే వచ్చు.

కొత్త అట్టముక్క మీద ఇంతే ఉంది: ‘ఇది నేసినాయన ఒకప్పుడు బస్సు డ్రైవరు. మగ్గం ఆయనకు భార్య నేర్పింది. నాడె వెనక్కి తుళ్ళితే ఆవిడ ముందు గదిలోంచే విని బల్ల మీద తడుతుంది, ఆయన ఆ పేక విప్పి మళ్ళీ నేస్తాడు. నూలు రంగు వేసినదే కొంటాం.’ పేరు మూసి చదివితే పక్కవీధి వాళ్ళకు అతకలేదు. పట్నం ఆవిడ చదివి, ఒక్క మాట మార్చకుండా తీసుకుంది.

ఆ వారమే ఒక పెద్దావిడ కిటికీ తెర కొనడానికి దుకాణానికి వచ్చింది. అట్టముక్క నిలబడి చదివి, బల్ల వైపు తిరిగి ఏదో అడగబోయింది. భార్య అలవాటు కొద్దీ వెనక గదివైపు చెయ్యి చూపించింది. “నేసేవాళ్ళు లోపలున్నారండీ, వెళ్ళి మాట్లాడండి.”

“ఆయన్ని తర్వాత చూస్తాలెండి. నేర్పినావిడ ఎవరు?”

డ్రైవరు గారు తాడు వదిలేసి, చప్పుడు చెయ్యకుండా కూర్చున్నాడు. భార్య మళ్ళీ తననే చూపిస్తుందేమోనని అటే చెవి పెట్టాడు.

“నేనేనండీ,” అంది భార్య.