పేరు మారిన బిళ్ల

ఆ మందుల షాపుకి లైసెన్సు ఎవరి పేరున ఉన్నా, వీధిలో అందరికీ అది మందులమ్మ షాపే. అద్దం బిగించిన ఆమె ఫార్మసిస్టు సర్టిఫికెట్ కౌంటరు వెనక గోడకి వేలాడుతూ ఉండేది. ఓనరు వచ్చేది సాయంత్రాలు. పగలంతా ఆమె రాజ్యమే. ఇరవై రెండేళ్లుగా అదే కౌంటరు వెనక నిలబడి ఆమె కాళ్లలో నరాలు ఉబ్బాయి గానీ, చెయ్యి మాత్రం ఒక్కనాడూ తప్పు అరలోకి పోలేదు. డాక్టర్ల కోడిగీతలు చదవడంలో ఆమెని మించినవాళ్లు లేరని చెప్పుకునేవాళ్లు. ఆ సంగతి ఆమెకీ తెలుసు. కాస్త ఎక్కువగానే తెలుసు.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం, కౌంటరు ముందు ఏడెనిమిది మంది నిలబడి ఉండగా షాపు ఫోనుకి ఓ పొడవాటి మెసేజి వచ్చింది. పంపింది బొత్తాలావిడ కొడుకు.

బొత్తాలావిడ అంటే వెనకవీధిలో, ప్రింటింగ్ ప్రెస్సు పైన ఒంటిగదిలో ఉండే డెబ్భై ఏళ్ల మనిషి. టైలర్లు కుట్టిన చొక్కాలకి కాజాలు, బొత్తాలు వేసి బతికేది. కొడుకు విదేశంలో ఓడలు బాగుచేసే యార్డులో ఫిట్టరు. రెండేళ్ల కాంట్రాక్టు, మధ్యలో సెలవు లేదు. ఆవిడకి గుండె దడ. రోజూ పొద్దున్నే ఓ బిళ్ల వేసుకోవాలి.

మెసేజి ఇలా ఉంది:

“మేడమ్ గారికి నమస్కారం. మా అమ్మ గుండె మందు గురించి రాస్తున్నా. మందు అసలు పేరు మెటోప్రోలాల్ సక్సినేట్, యాభై మిల్లీగ్రాములు, ఒంట్లోకి మెల్లగా దిగే రకం. రోజుకి ఒకటే. కంపెనీ పేరు ఎప్పుడైనా మారితే ఈ మూడూ సరిపోయాయో లేదో చూసి, డాక్టరు గారికి ఒక మాట చెప్పి ఇవ్వండి. పాత పేరు కొట్టేసి కొత్త పేరు రాసి, రెండూ ఒకటే మందు, రెండూ వేసుకోవద్దు అని పెద్ద అక్షరాలతో అట్ట మీద రాయండి. అమ్మ దగ్గర మిగిలిన పాతవి తెమ్మనండి, ముందు అవి అయిపోయాకే కొత్తవి మొదలుపెట్టమనండి. నాకు ఫోటో పంపండి. మా ఇంజన్ గదిలో కొత్త కంపెనీ ఫిల్టరు బిగిస్తే, పాతదానికి చీటీ కట్టి పక్కన పెడతాం. లేకపోతే తర్వాతి షిఫ్టువాడు రెండూ బిగిస్తాడు. అందుకే చెబుతున్నా, ఏమీ అనుకోవద్దు.”

మందులమ్మ ఏమీ అనుకోకుండా ఉండలేకపోయింది. చేతిలో జ్వరం సిరప్పు సీసా పట్టుకునే చదివింది. ‘తాతకి దగ్గులు నేర్పుతున్నాడు. వాడు నట్లు బిగిస్తాడు, నేను మందులివ్వడం వాడి దగ్గర నేర్చుకోవాలా!’ అనుకుంది. నమస్కారం పెట్టే బొమ్మ ఒకటి నొక్కి పంపేసి, “ఆ, ఎవరిది దగ్గు మందు?” అంటూ జనంలోకి తలెత్తింది.

అయిదారు నెలలు బాగానే గడిచాయి. ఆ తర్వాత, బొత్తాలావిడ వేసుకునే గులాబీ రంగు బిళ్ల రావడం మానేసింది. సరుకిచ్చేవాణ్ణి అడిగితే, “ఇక రాదు మేడమ్, దాని బదులు ఇది వాడండి” అని ఇంకో కంపెనీది ఇచ్చాడు. మందులమ్మ అట్టపెట్టెని వెలుతురుకి ఎత్తిపట్టి చదివింది. మందు అదే. బలం అదే. మెల్లగా దిగే రకమే. పైపైన చూస్తే ఒకేలా అనిపించి, ఒక్కసారే ఒంట్లో కలిసిపోయే రకం ఇంకోటి ఉంది. అది కాదని రెండుసార్లు చూసుకుంది. గుండె డాక్టరు క్లినిక్కుకి ఫోన్ చేసి, పేరు మారుస్తున్నానని చెప్పి, సరేననిపించుకుంది. ఇంతవరకు ఆమె పనిలో ఒక్క లోపం లేదు. ఆ రోజంతా ఆమెకి అదే గర్వం.

మర్నాడు బొత్తాలావిడ వచ్చింది. మందు అయిపోకముందే కొనిపెట్టుకోవడం ఆవిడ అలవాటు. వెనకాల జనం, ముందు ఒకాయన చిల్లర విషయంలో గొడవ.

“ఇది కొత్త కంపెనీది పెద్దమ్మా. ఇకనుంచి ఇదే,” అంది మందులమ్మ స్ట్రిప్పులు కవర్లో వేస్తూ.

“కొత్తదా?”

“ఆఁ. పొద్దున్నే ఒకటి.”

బొత్తాలావిడ ఇంకేదో అడగబోయింది. వెనకనుంచి ఎవరో, “కాస్త తొందరగా కానివ్వండమ్మా” అన్నారు. ఆవిడ పక్కకి తప్పుకుంది. తెల్లబిళ్లల కవరు పర్సులో పెట్టుకుని వెళ్లిపోయింది.

అట్ట మీద పెద్ద అక్షరాలు లేవు. పాతవి తెమ్మన్న మాట లేదు. ఫోటో లేదు.

ఏడోనాడు పొద్దున, షాపు షట్టరు ఇంకా సగమే లేచి ఉండగా, చౌరస్తా టైలరు పరిగెత్తుకుంటూ వచ్చాడు. చేతిలో బిస్కెట్ల డబ్బా. ఆయాసంతో మాట తడబడుతోంది.

“మేడమ్, మా బొత్తాలావిడ కుళాయి దగ్గర పడిపోయింది. కళ్లు తిరిగాయంట. ఆసుపత్రిలో చేర్పించాం. నాడి నిమిషానికి ముప్పై ఎనిమిదే కొడుతోందంట. వేసుకునే మందులన్నీ తెమ్మన్నారు. ఇవేంటో మీరైతే చెప్పగలరని ముందిటు తెచ్చా.”

మందులమ్మ డబ్బా మూత తీసింది. పైన దారపు ఉండ, రెండు కాజా సూదులు. కింద రెండు స్ట్రిప్పులు, రబ్బరు బ్యాండుతో కలిపి చుట్టినవి. ఒకటి గులాబీది, ఒకటి తెల్లది. కొత్త స్ట్రిప్పులో ఆరు గుంటలు ఖాళీ. పాతదాంట్లో మిగిలినవి లెక్కేస్తే, అందులోంచీ ఆ ఆరు రోజులవీ పోయాయి. ఆవిడ రోజుకొకటి వేసుకుంది, రెండింట్లోంచీ.

మందులమ్మ కౌంటరు పలక పట్టుకుంది.

“ఏంటి మేడమ్? రెండూ వేరువేరా?”

“కాదు,” అంది. “రెండూ ఒకటే.”

షట్టరు అలాగే వదిలేసి ఆసుపత్రికి ఫోన్ చేసింది. డ్యూటీలో ఉన్న డాక్టరు దొరికేదాకా మూడుసార్లు చేసింది. మందు పేరు, బలం, రకం, ఎన్ని రోజులుగా రెట్టింపు పడిందో, చివరిది ఎప్పుడు వేసుకుని ఉండొచ్చో, అన్నీ చెప్పింది. తన షాపు నుంచే వెళ్లాయని కూడా చెప్పింది. “మెల్లగా దిగే రకం గదా, ఇంకా దిగుతూనే ఉంటుంది. కనిపెట్టి చూస్తాం,” అన్నాడాయన. మంచివాడు. తిట్టలేదు.

రెండు రోజులు మందు ఆపి, గుండె కొట్టుకోవడం చూపించే మిషను తగిలించి ఉంచారు. నాడి నెమ్మదిగా తేరుకుంది. ఈ మందు ఒక్కసారిగా పూర్తిగా మానేసినా ప్రమాదమేనని, మూడోనాడు సగం బలంతో మళ్లీ మొదలుపెట్టారు. ప్రాణానికి ముప్పు తప్పింది. కానీ పడినప్పుడు కుడి మణికట్టు విరిగింది. పిండికట్టు వేశారు.

ఆవిడ పడిపోయిన రోజు సాయంత్రం ఓనరు వచ్చాడు. అంతా విన్నాడు. బిల్లు తెప్పించుకుని, వేలు పెట్టి చదివాడు.

“మన తప్పేముందమ్మా? మందు సరైనదే. బలం సరైనదే. డాక్టర్నీ అడిగావు. ముసలావిడ రెండూ మింగితే మనమేం చేస్తాం? ఇంటికెళ్లి నోట్లో చూస్తామా?”

ఆమె బిల్లు తీసుకుని సొరుగులో పెట్టింది.

“ఆ కొడుకు మెసేజి మాత్రం తీసెయ్. రేపు ఏదన్నా అయితే అదొక్కటే మన మెడకి చుట్టుకునేది.”

“తియ్యను,” అంది.

“ఏం? ఇంట్లో ఫ్రేము కట్టించుకుంటావా?”

ఎప్పుడూ లేనిది ఆమె ఓనరు కళ్లలోకి సూటిగా చూసింది. ఆయన గొణుక్కుంటూ కుర్చీలో కూలబడ్డాడు. మెసేజి అక్కడే ఉంది. దాని కింద, ఆమె పంపిన నమస్కారం బొమ్మ కూడా అక్కడే ఉంది, చేతులు జోడించుకుని.

కొడుక్కి రాయడానికి ఆమెకి రెండు రోజులు పట్టింది. జనం రద్దీ గురించి రాసి కొట్టేసింది. ఆవిడే ఇంకోసారి అడిగుంటే బాగుండేదని రాసి, సిగ్గుపడి కొట్టేసింది. చివరికి, “మీరు చెప్పింది నేను చెయ్యలేదు బాబూ. మీరు చెప్పినట్టు చేసుంటే ఇది జరిగేది కాదు,” అని రెండే రెండు ముక్కలు పంపింది.

జవాబు మర్నాడు వచ్చింది.

“మీరు దండం పెట్టారు గదా మేడమ్. చదివారనుకున్నాను.”

అంతే. ఒక తిట్టు లేదు, ఒక కేసు మాట లేదు. తిట్టుంటే ఆమె కాస్త ఎదురు తిరిగేది, ఇరవై రెండేళ్ల సర్వీసు చెప్పుకునేది, ఏడ్చేది. దానికీ ఆస్కారం ఇవ్వలేదతను.

పిండికట్టు విప్పాక ఒక ఆదివారం ఆమె ప్రెస్సు మెట్లెక్కి వెళ్లింది. కింద మిషన్లు ఆగి ఉన్నాయి, సిరా వాసన మాత్రం పైదాకా వస్తోంది. బొత్తాలావిడ కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చుని, ఎడమచేత్తో చొక్కా పట్టుకుని, కుడిచేత్తో సూది పట్టుకోబోతోంది. బొటనవేలు చూపుడువేలిని కలవడం లేదు. సూది జారి ఒళ్లో పడింది.

“రామ్మా,” అంది. “కూర్చో. కుర్చీ మీద బట్టలు పక్కకి జరుపు.”

మందులమ్మ కూర్చోలేదు. తెచ్చిన డబ్బా తీసింది. వారానికి ఏడు గదులున్న ప్లాస్టిక్ డబ్బా. “ప్రతి ఆదివారం వచ్చి నేనే ఇందులో నింపి పెడతాను పెద్దమ్మా. మీరు చూసుకునే పనుండదు.”

బొత్తాలావిడ డబ్బాని చూసింది. ఆమెని చూసింది.

“ఆ రోజు అడుగుదామనుకున్నానమ్మా. కొత్తదంటే పాతదానికి తోడా, బదులా అని. నీ ముఖం చూసి ఆగిపోయా. నువ్వు చదువుకున్నదానివి, నీకు తెలీదా అనుకున్నా. ఇంతమంది ముందు ఈ ముసల్ది పిచ్చి ప్రశ్నలేస్తోందని విసుక్కుంటావేమోనని.”

“విసుక్కునేదాన్ని కాదు పెద్దమ్మా.”

“విసుక్కునేదానివే,” అంది ఆవిడ, కోపం లేకుండా. “ఈ డబ్బా తీసుకెళ్లు. మా వాడు వేరే షాపు మాట్లాడాడు. వాళ్లు చీటీ రాసిస్తున్నారు.”

మెట్లు దిగుతుంటే, పైన సూది మళ్లీ నేల మీద పడిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత నెలలో టైలరు తన చొక్కాలన్నీ కాజాలు, బొత్తాలు వెయ్యడానికి రైలు గేటు అవతల ఇంకొకామెకి ఇచ్చేశాడు. పాపం, అతనేం చేస్తాడు? పెళ్లిళ్ల రోజులు, చొక్కాలు ఆగవు. బొత్తాలావిడ కొడుకు కాంట్రాక్టు ఇంకో రెండేళ్లు పొడిగించుకున్నాడని కూడా అతనే చెప్పాడు.

మందులమ్మ ఇప్పుడు ప్రతి మారిన పేరుకీ చీటీ రాస్తుంది. “ఇది దాని బదులు. రెండూ వద్దు.” రాసి, గట్టిగా చదివి, వాళ్ల చేత తిరిగి చెప్పించుకుంటుంది. ఇంట్లో మిగిలినవి తెమ్మంటుంది. వరస కదలడం లేదని జనం సణుగుతారు. ఓనరు, “చేతులు కాలాక ఆకులు పట్టుకున్నావు, ఆ ఆకులు నా షాపంతా పరుస్తున్నావు,” అంటాడు. ఆమె వినిపించుకోదు. అలాగని ఆ చీటీల వల్ల మనసు తేలికపడిందా అంటే, అదీ లేదు. ప్రతి చీటీ ఒకరికి రాయనిదాన్నే గుర్తుచేస్తుంది.

బొత్తాలావిడ అప్పుడప్పుడూ షాపు ముందునుంచే వెళ్తుంది. కొడుకు మాట్లాడిన ఆ షాపు మలుపులో ఉంది, దానికి ఇదే దారి. సంచీ ఎడమచేతికి తగిలించుకుని, కుడిచెయ్యి కొంగులో దాచుకుని నడుస్తుంది. కౌంటరు ముందు ఎవరూ లేకపోతే ఒక్క క్షణం ఆగి, “బాగున్నావా అమ్మా?” అంటుంది.

“బాగున్నాను పెద్దమ్మా,” అంటుంది మందులమ్మ.

ఆవిడ తలూపి వెళ్లిపోతుంది.