మూడు ఫ్రేముల్లో అవ్వ కాళ్ళు

ఒక ఏడాది బెంగళూరు చర్చి సహోదరులు మా రాగుల కోసం ఉపవాసం ఉన్నారు. మేము అడిగింది రోగుల కోసం. హిందూపురం ఆసుపత్రిలో ఉన్న మా సంఘస్థుల కోసం ప్రార్థించమని ఫోనులో బొమ్మ పంపాం. అది చేతులు మారి మారి బెంగళూరు చేరేసరికి మొదటి అక్షరం మీది ఓత్వం మెలిక కరిగి, వట్టి దీర్ఘంలా మిగిలింది. అక్కడి పెద్దాయన కన్నడిగుడు, తెలుగు చదవలేడు. ఆయన ఫోను ఆ బొమ్మను కన్నడంలోకి మార్చి రాగులని చూపింది. కన్నడంలో రాగి అన్నా మన రాగే కాబట్టి ఆయనకు అనుమానం రాలేదు. వారం తర్వాత ఫోన్ చేసి పంట ఎలా ఉందని అడిగారు. నేను వానలు బాగా పడ్డాయనీ, కంకి బరువుగా ఉందనీ చెప్పాను. ఆయన దేవునికి స్తోత్రమన్నారు, నేనూ అన్నాను. ఫోను పెట్టేశాక కానీ, రోగుల మాటే ఎత్తలేదేమిటని నాకు తోచలేదు.

రోగులు కూడా బాగుపడి ఇంటికొచ్చారు. మా సంఘంలో ఒక రైతు మాత్రం ఆ ఉపవాసం తన చేనికే తగిలిందని ఇప్పటికీ సాక్ష్యం చెబుతాడు. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, అతను లేచి నిలబడగానే నవ్వు ఆపుకోవడానికి పాటల పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుంటారు.

ఈ బొమ్మల సంగతి కొంచెం చెప్పాలి. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం సంఘాలు మూడూ కలిసి ప్రార్థన విన్నపాలు పంచుకుంటాయి. మామూలుగా రాసి పంపితే చాలు. కానీ ఉత్త అక్షరాలు పంపడం మావాళ్ళకు మొహమాటం. పెళ్ళికి వట్టి చేతులతో పోయినట్టు ఉంటుందట. అందుకని విన్నపాన్ని అందంగా బొమ్మగా చేసి, చుట్టూ గులాబీల ఫ్రేము కట్టి పంపుతారు. పెనుకొండ సంఘం దాన్ని అందుకుని, తమ చర్చి పేరుతో, ద్రాక్ష గుత్తులతో ఇంకో ఫ్రేము కడుతుంది. హిందూపురంలో మేము మా పావురాల ఫ్రేము కట్టి బెంగళూరికి పంపుతాం. ఎవరు ఫ్రేము కట్టకపోయినా వాళ్ళ సంఘం ప్రార్థించనట్టే లెక్క. ఫ్రేము కట్టిన ప్రతిసారీ లోపలి అక్షరం చిన్నదవుతుంది. పంపిన ప్రతిసారీ ఫోను బొమ్మ బరువు తగ్గించడానికి దాన్ని పిండుతుంది. అక్షరం ఒళ్ళు లావు కాబట్టి నిలబడుతుంది. పైనున్న గుడులూ, ఓత్వాలూ, పక్కనున్న కొమ్ములూ, దీర్ఘాలూ సన్నటివి, అవి ముందు కరుగుతాయి. ఇదంతా రాగుల నాడు మాకు తెలియదు. అది ఫోను చేసిన కోతి పని అనుకుని నవ్వి ఊరుకున్నాం.

తర్వాతి ఏడాది మా అవ్వ విన్నపం వచ్చింది.

అవ్వ మా అమ్మకు తల్లి. ధర్మవరంలో ఉంటుంది. వయసులో మగ్గానికి పట్టు పురి పెట్టిన చెయ్యి. మూడు సంఘాల కోత పండుగ పెనుకొండలో జరుగుతుంది. ఎవరి పంటలో మొదటిది వాళ్ళు చర్చికి తెచ్చి బలిపీఠం ముందు పెడతారు, ఆరాధన తర్వాత అవన్నీ వేలం వేస్తారు. అవ్వకు చేను లేదు. పెరట్లో ఒక గుమ్మడి పాదు ఉంది. ఏటా అందులో పెద్ద కాయను గంపలో పెట్టుకుని, నెత్తిన మోసుకుని, పెనుకొండ చర్చి మెట్లు తనే ఎక్కుతుంది. ఇంకొకరు అందుకుంటామంటే ఒప్పుకోదు. దేవునికి ఇచ్చేది తన నెత్తి మీది నుంచే దిగాలంటుంది. ఆ ఏడాది పండుగకు ముందే, కూటాలకు పోయినప్పుడు ఆ మెట్ల దగ్గర కాళ్ళు వణికి రెండుసార్లు పడబోయింది. ఈసారి నువ్వు కింద కూర్చో, గుమ్మడికాయ మేము తీసుకుపోతామని అవ్వ కొడుకు, మా మామ, తేల్చి చెప్పాడు. అవ్వ ఆ పూట అన్నం తినలేదు. నాకు ఫోన్ చేయించి, "నా కాళ్ళ కోసరం ఫోను గుంపులో పెట్టు పాపా. మెట్లెక్కేంత ఇస్తే సాలు, పరిగెత్తేది ఏమీ లేదు" అంది.

నేను ధర్మవరం సంఘానికి చెబితే, అక్కడి చెల్లెలు ఒకామె ఆ విన్నపాన్ని బొమ్మ చేసింది. వృద్ధురాలైన సహోదరి కాళ్ళు సరిగా పనిచేయడం లేదు, ప్రార్థించండి అని. గులాబీలు, ద్రాక్షలు, పావురాలు అన్నీ చుట్టూ చేరాయి. నేనే పావురాలు కట్టి పంపాను. బెంగళూరు పెద్దాయన ఫోన్ చేసి, వచ్చే నెల పెనుకొండ సహవాస కూటానికి వస్తున్నామనీ, ఆ తల్లికి కావలసిన సహాయం వెంట తెస్తున్నామనీ చెప్పారు. చక్రాల కుర్చీయో, నాలుగు కాళ్ళ ఊతకర్రో అయి ఉంటుందని నేను అవ్వకు చెప్పాను. కుర్చీ మెట్లెక్కుతుందా అని అడిగింది. ఎక్కదన్నాను. అయితే కర్రే రానీ అంది.

కూటం రోజున బెంగళూరు కారు దిగింది. అందులోంచి ఒక నర్సమ్మ దిగింది. ఆమె చేతిలో టార్చిలైటు, సంకలో అద్దాల పెట్టె, గోడకు తగిలించే అక్షరాల అట్ట. నాకు కన్నడం వచ్చు కాబట్టి నన్ను దుబాసీగా పక్కన నిలబెట్టారు. నర్సమ్మ అవ్వ ముందు మోకరించి గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తింది.

"నా కాళ్ళు ఈడుండాయి తల్లీ, కింద" అంది అవ్వ.

నేను దాన్ని కన్నడంలో చెప్పేసరికి పెద్దాయన ముఖం మారిపోయింది. కాళ్ళేమిటి, మేము నెల రోజులుగా కళ్ళ కోసం కన్నీళ్ళతో ప్రార్థిస్తున్నాం అన్నారు. జేబులోంచి ఫోను తీసి చూపించారు. మూడు ఫ్రేముల మధ్య అక్షరాలు తపాలా బిళ్ళంత ఉన్నాయి. వేలితో పెద్దవి చేస్తే చతురస్రాలు కనిపించాయి, అక్షరం కాదు. ధర్మవరం చెల్లెలి ఫోనులో మొదటి బొమ్మ ఇంకా ఉంది. రెండూ పక్కపక్కన పెట్టాం. మొదటి దాంట్లో 'కా' దీర్ఘం చక్కగా ఒంపు తిరిగి ఉంది. చివరి దాంట్లో ఆ ఒంపు పక్క తెలుపులో కలిసిపోయి వట్టి 'క' మిగిలింది. ఫోను తనకు కనపడిందే చదివింది. కళ్ళు అన్నది కూడా మంచి మాటే కదా, దానికి అనుమానం ఎందుకొస్తుంది? కన్నడంలో కణ్ణు అని చూపించింది. మాటలో లోపం లేకపోవడమే ముప్పు అయింది. ఏదో అర్థం కాని ముక్క వచ్చి ఉంటే ఆయన ఫోన్ చేసి అడిగేవారు.

ముందు నవ్వింది అయ్యగారు. రాగులు, ఇప్పుడు కళ్ళు అని ఆయన నెమ్మదిగా అనేసరికి చాప మీద కూర్చున్న ఆడవాళ్ళంతా ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. రైతు లేచి మళ్ళీ సాక్ష్యం చెప్పబోతే కూర్చోబెట్టారు. పెద్దాయన కూడా కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. నవ్వనిది అవ్వ ఒక్కతే. పండుగ దగ్గర పడుతోంది, కర్ర రాలేదు.

నర్సమ్మ మాత్రం లేవలేదు. ఇంత దూరం వచ్చాం కదా, చూసే పోతానంది. నాలుగు వేళ్ళు ఎత్తి ఎన్నని అడిగింది. నేను తెలుగులో అడిగాను.

"ఆయమ్మ చేతికి ఎన్నుంటే అన్నీ" అంది అవ్వ.

టార్చి వేసి చూసి నర్సమ్మ నన్ను వంగమంది. అవ్వ కంటి నల్లగుడ్డు నల్లగా లేదు. పాలు విరిగిన నీళ్ళలా ఉంది. రెండో కన్నూ అంతే. శుక్లాలు ముదిరాయి. నర్సమ్మ అవ్వ చెయ్యి వదిలేసి, చదునుగా ఉన్న నేల మీద నడవమంది. అవ్వ పావడా ఎత్తి కట్టిన పిల్లలా గబగబా నడిచింది. కాళ్ళు వణకలేదు. మెట్ల దగ్గరికి తీసుకుపోయాం. అక్కడ ఆగింది. బొటనవేలితో మెట్టు అంచును తడిమింది. అప్పుడు వణికాయి కాళ్ళు. మెట్టు ఎక్కడ తెగిందో కనపడనిది, కాలు ఎలా వేస్తుంది?

నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఏడాదిగా అవ్వ బైబిలు ప్రింటు పాడైపోయిందని తిట్టుకుంటోంది. గుడులు, కొమ్ములు వేయకుండా అచ్చు కొట్టారంటుంది. అయినా ఇంటి ప్రార్థనలో పుస్తకం పట్టుకుని కీర్తన గడగడా చదువుతుంది. ఒక రోజు పుస్తకం తలకిందులుగా ఉంటే మా మామ కూతురు తిప్పి చేతిలో పెట్టింది. చదవడం మధ్యలో ఆగనే లేదు. చిన్నప్పటి నుంచి కంఠస్థం మరి. మేమందరం భక్తి అనుకున్నాం.

"ఏమ్మే, కనపడదని ఎప్పుడైనా చెప్పినావా?" అన్నాడు మామ.

"కనపడకపోతే కదరా చెప్పేది. మసగ్గా అన్నీ కనపడతాండాయి. కాళ్ళదే తప్పనుకున్నా."

ఆ రోజు ప్రార్థనలో పెద్దాయన కన్నడంలో స్తుతించారు, నేను తెలుగులోకి మార్చాను. మేము అడగనిది ఇచ్చావు ప్రభువా అన్నారు. ఆ తర్వాతి వాక్యం ఒకటి నేను మార్చకుండానే వదిలేశాను. ఫోను కంటే నేను గొప్ప దుబాసీనేమీ కాదు. ఆ దీర్ఘాన్ని దేవుడే చెరిపాడా, పిండడంలో కరిగిందా అని ఎవరైనా అడిగితే, నాకు రెండూ ఒకటేనని చెబుతాను. కరిగేవి ఆయనకు తెలియకుండా కరగవు.

ధర్మవరంలోనే ఒక కంటికి ఆపరేషన్ చేయించారు. కట్టు విప్పిన రోజు నేను వెళ్ళాను. అవ్వ నన్ను పైనుంచి కింది దాకా చూసి, "ఎప్పుడు ఇంత నల్లగా అయినావే, ఎండలో యాడ తిరుగుతాండావు" అంది. ఇంట్లో అందరినీ అలాగే వరసగా లెక్క తీసింది. మామ నెరిసిన మీసాన్ని చూసి చాలాసేపు నవ్వింది. బైబిలు తెరిచి, అచ్చు మళ్ళీ బాగుపడిందని మెచ్చుకుంది.

ఈ లోపల మూడు సంఘాలూ కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చాయి. ఇక మీదట విన్నపాన్ని అక్షరాలుగానే రాసి పంపాలి. బొమ్మ పంపాలనిపిస్తే ఫోటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపాలి, అప్పుడు ఫోను దాన్ని పిండదు. అందుకున్నవాళ్ళు తిరిగి ఫోన్ చేసి, ఎవరికి ఏం కావాలో ఒకసారి నోటితో చెప్పించుకోవాలి. ఫ్రేముల మీద మాత్రం చాలాసేపు వాదన నడిచింది. ద్రాక్షలు వదులుకోవడానికి పెనుకొండవాళ్ళకు మనసు రాలేదు. చివరికి అక్షరాల జోలికి రాకుండా ఫ్రేమును వేరే బొమ్మగా వెనకాల పంపుకోవచ్చని అయ్యగారు తీర్పు చెప్పారు. ఇప్పుడు ప్రతి విన్నపం వెనకా మూడు ఖాళీ ఫ్రేములు వస్తుంటాయి.

కోత పండుగకు బెంగళూరువాళ్ళూ వచ్చారు. నర్సమ్మ ఎందుకైనా మంచిదని ఒక ఊతకర్ర కూడా తెచ్చింది. అవ్వ దానికి వందనం చెప్పి మామ చేతికిచ్చింది. గుమ్మడికాయ గంప నెత్తికెత్తుకుంది. మెట్ల ముందు ఆగినప్పుడు పాటలో అందరి గొంతూ సన్నబడింది. అవ్వ తల వంచకుండా కళ్ళు మాత్రం దించి మెట్టును చూసింది, కాలు వేసింది. మళ్ళీ చూసింది, వేసింది. పైకి చేరాక బలిపీఠం ముందు గంప దింపి, ఒక్క క్షణం నిలబడి, మళ్ళీ పాట అందుకుంది, అందరికంటే ఒక చరణం ముందుకు పోయి.

వేలంలో ఆ గుమ్మడికాయను పెద్దాయనే పాడుకున్నారు. కారులో ఎవరి ఒడిలో పెట్టాలన్నది వాళ్ళలో పెద్ద చర్చ అయింది. నేను అవ్వను దింపుదామని మెట్ల దగ్గర చెయ్యి చాచాను. నా చేతిలో ఖాళీ గంప పెట్టి తను ముందు దిగిపోయింది.