గంటకీ గంతుకీ మధ్య

“నీకు ఉద్యోగం కావాలా, అర్థం కావాలా?”

పాఠశాల కరస్పాండెంటు రత్నబాబు గారు లేయాను ఈ ప్రశ్న అడిగింది 1984 ఫిబ్రవరిలో, మామిడి పూతకు మందు కొట్టే రోజుల్లో. పాఠశాల నూజివీడు నుంచి మైలవరం వెళ్ళే దారిలో, తోటల మధ్య ఉంది. అందులో లేయా ఆరేళ్ళుగా ఇంగ్లీషు చెబుతోంది. జీతం నూట యాభై, అదీ వచ్చిన నెలకి. ఆ ఏడు ఒక ఎయిడెడ్ పోస్టు ఖాళీ అయింది. అది వస్తే సర్కారు జీతం, పింఛను. ఇవ్వాల్సింది కరస్పాండెంటు గారు. లేయాకి ముప్పయి నాలుగేళ్ళు, ఇంట్లో మంచం పట్టిన తల్లి. ఆ పోస్టు ఆమెకెంత అవసరమో ఆయనకి తెలుసు. తెలుసు గనకే అలా అడిగారు.

తగవు ఒక పాట మీద వచ్చింది. పాఠశాలకి డబ్బు పంపే అమెరికా దొరసాని మిసెస్ కోల్బీ చూడటానికి వస్తోంది. వచ్చే ముందు, తను స్వయంగా కట్టిన పాట ఒకటి క్యాసెట్‌లో పంపింది. సాహిత్యం టైపు చేసిన కాగితం జత చేసి, పిల్లలు తెలుగులో పాడితే వినాలని ఉందని రాసింది. తెలుగు చేసే భారం రత్నబాబు గారే మోశారు. ఆయన పాత బి.ఏ.; డిక్షనరీ దగ్గర పెట్టుకుని ఒక్క రాత్రిలో మోసి పారేశారు. పల్లవి చివర ఆమె “ఐల్ కమ్ విత్ బెల్స్ ఆన్” అంది. ఈయన “గంటలు కట్టుకు వస్తానయ్యా” అన్నారు. అక్కడితో ఆగితే ఒక పిచ్చి పాటగా పోయేది. ఆయనకి దృశ్యం కూడా తోచింది.

“ఇరవై నాలుగు గంటలు పట్రా. ఒక్కో పిల్ల మెడలో ఒకటి. దొరసాని మురిసిపోవాలి” అని లేయాని మైలవరం పంపారు. లక్ష్మీనరసింహారావు కొట్లో ఎద్దుల గంటలు తప్ప వేరేవి లేవు. ఒకటి ఏడు రూపాయలు. అరువు చీటీ మీద లేయా సంతకం పెట్టింది.

మొదటి రిహార్సల్ నాడు తోట కాపలాదారు జోజి కిటికీ దగ్గర నిలబడి చూశాడు. అతని కూతురు ముందు వరసలో ఉంది.

“టీచరమ్మా, ఇదేంటండీ? మా పిల్ల మెడలో గంటేంటండీ?”

“పాటలో ఉందంట జోజీ.”

“ఆవిడ పాటలో మా పిల్లలు మేకలా, దూడలా? మేం ఎద్దులక్కూడా పండక్కే కడతామండీ. మా తాత మెడ వంచుకు నడిచాడు, మా నాన్న వంచుకు నడిచాడు. దీన్ని బడికి పంపింది మెడకేదో కట్టించుకోడానికాండీ?” గొంతు తగ్గించాడు. “నిజంగా అలాగే రాసుందా? మీకు ఇంగ్లీషొచ్చు కదండీ, మీరు చెప్పండి.”

లేయా టైపు కాగితం తీసి మళ్ళీ చూసింది. మాటకు మాట చూస్తే అనువాదంలో తప్పు లేదు. “ఆన్” అంటే ఒంటి మీద వేసుకుని అనే అర్థం ఉంది. “విత్ షూస్ ఆన్” అంటే బూట్లు వేసుకుని. బెల్స్ అంటే గంటలే. కానీ పాట మొత్తం చదివితే తిక్కగా ఉంది. మొదటి చరణంలో పాడే మనిషి చిరిగిన బట్టలతో బయల్దేరింది. రెండో చరణంలో వట్టి చేతులతో గుమ్మం దగ్గరికొచ్చింది. తన దగ్గర ఏమీ లేదని రెండుసార్లు చెప్పుకున్న మనిషికి పల్లవిలో గంటలెక్కణ్ణుంచి వచ్చాయి?

పైగా ఆ మాటలు ఎక్కడో చదివినట్టుంది. ఇంటికెళ్ళి తల్లి బైబిలు అట్ట లోపలి నుంచి ఒక ఉత్తరం తీసింది. తల్లి సవరమ్మ ఒకప్పుడు మిషను ఆస్పత్రిలో ఆయా. అక్కడి నర్సు మిస్ ఎలెన్, లేయా అక్క పెళ్ళికి పిలిస్తే రాసిన జవాబది. చిన్నప్పుడు లేయా ఇంగ్లీషు కూడబలుక్కుని నేర్చుకుంది ఆ కాగితం మీదే. ఉంది, చివరి వాక్యంలో: పెళ్ళికి “విత్ బెల్స్ ఆన్” వస్తానని.

“అమ్మా, అక్క పెళ్ళికి ఎలెనమ్మగారు గంటలు కట్టుకొచ్చిందా?”

“నీకేమన్నా మతిపోయిందటే! గంటలేంటి? తెల్ల గౌను, చేతికి వాచీ. చెవులకి దుద్దులు కూడా లేవు.”

“మరి ఎలా వచ్చింది?”

సవరమ్మ మంచం మీదే నవ్వింది. “ఎలాగేంటే! మనం ఇంకా చాపలు పరవలేదు, ఆవిడ వచ్చేసింది. వంట దగ్గరికి, పందిట్లోకి ఒకటే గంతులు. పెళ్ళి తనకే అన్నట్టు.”

అదీ సంగతి. గంటలు లేవు, సంబరం ఉంది. మనం ఒకడు కాలికి బలపం కట్టుకు తిరుగుతున్నాడంటాం. వాడి కాలు పట్టుకు వెతికితే బలపం దొరుకుతుందా? మాటలు విడివిడిగా ఒకటి చెబుతాయి, కలిసి ఇంకొకటి చెబుతాయి. ఇంకో చిత్రం, తల్లి నోటి మాటే పాటలో అతికినట్టు సరిపోయింది. “గంటలు కట్టుకు వస్తానయ్యా” బదులు “గంతులు వేసుకు వస్తానయ్యా.” బాణీలో ఒక్క మాత్ర జరగలేదు.

మర్నాడు ఉత్తరం పట్టుకెళ్ళి కరస్పాండెంటు గారికి చూపించింది. ఆయన రెండుసార్లు చదివారు. తెలివితక్కువ వాడు కాదు, అర్థమైంది.

“నువ్వన్నదే కరెక్టేమో.”

“అయితే గంటలు తీసేద్దామాండీ?”

“ఎందుకూ? ఆవిడకి తెలుగొచ్చా? గంటలైతే కనిపిస్తాయి, ఫొటోలొస్తాయి. ఫొటోల మీద కొత్త గదులొస్తాయి. నీ గంతులెవడు చూశాడమ్మా?”

“పిల్లలు ఎద్దులు కాదు కదండీ. అర్థం అది కానప్పుడు...”

అప్పుడడిగారు ఆ ప్రశ్న. లేయా ఉత్తరం మడుచుకుంది. ఆయన దాన్ని ఒప్పుకోలు అనుకున్నారు.

దొరసాని వచ్చిన రోజు పిల్లలు గంటలతోనే వరసలో నిలబడ్డారు. వేదిక ఎక్కబోయే ముందు లేయా ఒక్కొక్క మెడ నుంచి గంట విప్పి, గోనెసంచిలో వేసింది. ఇరవై నాలుగు విప్పడానికి ఎంతో సేపు పట్టలేదు. “గంతులు వేసుకు” అని చెవిలో చెప్పింది. రెండు మాటలే కదా, పిల్లలు పట్టేశారు. పల్లవి వచ్చినప్పుడల్లా నిజంగానే గంతులేశారు. దుమ్ము లేచింది. వెనక నిలబడిన జోజి తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు.

దొరసాని లేచి చప్పట్లు కొట్టింది. అంతకు ముందు గ్రామపెద్ద తెచ్చిన మామిడి తాండ్రకీ అంతే గట్టిగా కొట్టింది. ఏం పాడారో అడగలేదు. తన పాటలోని ఆ మాటను తెలుగులోకి తేవడానికి ఒక మనిషి ఏం పణం పెట్టిందో ఆమెకెవరూ చెప్పలేదు. ఆ రోజు ఇంగ్లీషులో మాట్లాడే పని రత్నబాబు గారిది.

సత్యం జయిస్తుందని ఆదివారాలు చెబుతారు. జయించి ఏం చేస్తుందో చెప్పరు. ఎయిడెడ్ పోస్టు జూన్‌లో కరస్పాండెంటు గారి మేనకోడలికి వచ్చింది. కొత్త పాటల పుస్తకంలో ఆ పాట అచ్చయింది, “గంతులు వేసుకు” అనే ఉంది. కింద తెలుగు సేత రత్నబాబు అని ఉంది. లేయా చింతలపూడిలో ప్రైవేటు బడికి మారింది. అక్కడ నూట ముప్పయి.

గంటలు లక్ష్మీనరసింహారావు వెనక్కి తీసుకోలేదు. బడి వాటి ఖరీదు ఇవ్వలేదు. చీటీ మీద సంతకం లేయాది. నూట అరవై ఎనిమిదిలో ఆమె నలభై కట్టింది. నూట ఇరవై ఎనిమిది రూపాయలు ఇంకా బాకీ.