ఖాళీ అయిన ఐడీ

మా అల్లుడు బ్రహ్మదేవుడికన్నా ఎక్కువమందికి పేర్లు పెట్టాడు. సరే, కాస్త ఎక్కువే చెప్పానేమో. ఒక పెద్దాసుపత్రిలో కొత్తగా చేరేవాళ్లకు కంప్యూటర్ ఐడీలూ ఈమెయిల్ అడ్రసులూ ఇవ్వడం అతని ఉద్యోగం. కిటికీలేని గది, ఆగని ఏసీ రొద.

ఐడీకీ అడ్రసుకూ ఒకటే సూత్రం: పేరులో మొదటి అక్షరం, వెనక ఇంటిపేరు. అది అప్పటికే ఇంకొకరిదైతే పేరులో రెండో అక్షరం కూడా. అదీ ఉంటే చివర అంకె. ఈ లెక్కన ఒక నర్సమ్మకు ఏకంగా బూతుమాట తయారైంది. అల్లుడు ప్రతిదాన్నీ పైకి చదివి చూసుకునే మనిషి కనుక, ఆమెకు పూర్తి పేరు రాసి, మధ్యలో చుక్క పెట్టి పరువు నిలబెట్టాడు.

క్యాంటీన్‌లో టీ పోసే ఆవిడను అందరూ అక్కా అంటారు. ఆమెకు మెడమీద గడ్డ లేచింది. పెద్ద సర్జన్ అందులో చిన్న ముక్క తీసి పరీక్షకని బయటి ల్యాబుకు పంపి, ఆ వెంటనే రిటైరైపోయాడు. పద్ధతి ప్రకారం అల్లుడు ఆయన ఐడీ తీసేశాడు. తర్వాత ఒక పళ్ల డాక్టరు చేరాడు. ఇంటిపేరూ ఆ సర్జన్‌దే, పేరులో మొదటి అక్షరమూ అదే. అల్లుడి ప్రోగ్రాము వాడుకలో ఉన్న ఐడీలనే వెతుకుతుంది, తీసేసినవాటిని చూడదు.

"అదృష్టవంతులు సార్, మీకు చివర అంకె తోకలేని ఐడీ వచ్చింది," అన్నాడు అల్లుడు.

అక్క మాత్రం ఎదురుచూస్తూనే ఉంది.

"రిపోర్టు సంగతి నీ కంప్యూటర్లో కనబడదా బాబూ?"

"ఒకరి మెయిళ్లు నేను చూడకూడదక్కా. వస్తే డాక్టర్లే పిలుస్తారు."

"పిలవలేదంటే ఏం లేదనేగా. గడ్డకంటే ఈ ఎదురుచూపే బరువుగా ఉంది."

గొంతు బొంగురుపోయాక ఆమె ల్యాబుకే వెళ్లింది. ఎప్పుడో పంపేశామన్నారు వాళ్లు. అల్లుడు సర్వర్లో వెతికాడు. మెయిల్ చేరింది, పళ్ల డాక్టరుకు.

"నా పేషెంటు కాదు కదా. అందరికీ పంపారేమో అనుకున్నా," అన్నాడాయన.

ఆ అడ్రసు మూతపడి ఉంటే మెయిల్ తిరుగుటపాలో వెనక్కి వెళ్లేది, ల్యాబువాళ్లు ఫోన్ చేసేవాళ్లు. దానికి కొత్త యజమానిని ఇచ్చింది అల్లుడే. అందుకే ఎక్కడా చప్పుడు కాలేదు.

రిపోర్టు చూసిన కొత్త సర్జన్, "కాస్త ముందు రావాల్సిందమ్మా," అన్నాడు.

బయటికొచ్చి ఆమె అల్లుణ్ణి అడిగింది. "ముందంటే ఎప్పుడు బాబూ? నేను రోజూ ఇక్కడే ఉన్నాగా."

అతను జరిగింది చెప్పేశాడు. ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని మా అమ్మాయి అంటుంది.

ఇప్పుడు అల్లుడు వెళ్లిపోయినవాళ్ల ఐడీ ఎవరికీ ఇవ్వడు. క్యాంటీన్‌లో వేరే ఆవిడ ఉంది.

ఇదంతా రాసి అల్లుడికి చదివి వినిపించాను. కళ్లెత్తి చూడలేదు.

"అంతా మీ కోతలే మామయ్యా. అక్కా లేదు, గడ్డా లేదు. మా ప్రోగ్రాము తీసేసిన ఐడీలను మొదట్నుంచీ చూస్తూనే ఉంది."