నాలుక కరుచుకో, మేస్త్రీ!

మేస్త్రీ కుటుంబానికి భయపడి, చెరకు కోత పాటను నేనే పొగడ్తగా మార్చానని ఉయ్యూరులో చెప్పుకుంటున్నారట. అది అబద్ధం.

ఈ ఉదయం చెరకు లారీ వెనుక ఆ పచ్చి తీపి వాసన తగలగానే మన చిన్ననాటి కోతలు గుర్తొచ్చాయి. గట్టు మీది ఇత్తడి బిందె, చెరకాకు గీరిన చేతులు, నా స్నేహితురాలు సుగుణ వాళ్లమ్మ గొంతు, ఆ పొలాల్లో నాతో పెరిగిన మీకూ గుర్తుండే ఉంటాయి. నీళ్లడిగినందుకు, కోత కూలీలను అజమాయిషీ చేసే మేస్త్రీ తిడితే ఆవిడ కట్టిన పాట అది:

"నీళ్లడిగితే తిట్టావా మేస్త్రీ, నీ నాలుక కోసేస్తాం!"

సుగుణ ఇప్పుడు బడి నడుపుతోంది. వార్షికోత్సవంలో పిల్లలు పాడేలా మార్చమని నన్నే అడిగింది. నాలుక కోత తీసేశాను, నిలదీత ఉంచాను. "నీ నాలుక కరుచుకో!" అని రాసి, చివరి అక్షరం సాగదీస్తే తాళం కుదిరింది. పొలంలో పాడేటప్పుడు కత్తి వేటు పడే చోట చప్పట్లు పెట్టాను. నేర్పితే పిల్లలు ఎగిరెగిరి పాడారు.

మొన్న రిహార్సల్‌కు వెళితే అదే బాణీలో వేరే మాటలు వినిపించాయి: "నీళ్లడిగితే ఇచ్చావు మేస్త్రీ, నీ మేలు మరిచిపోం!" కార్యక్రమ పత్రంలో రచయిత్రిగా నా పేరుంది.

"ఇదేమిటే సుగుణా?"

"ముఖ్య అతిథి ఆ మేస్త్రీ మనవడేనే. ఆయన ముందు అలా పాడిస్తే ఏం బాగుంటుంది? పిల్లల పాటకి ఇంత పంతమా?"

"ఆ తిట్లు తిన్నది మీ అమ్మే."

ఆమె మైకు సర్ది, పిల్లల చేత మళ్లీ మొదటి నుంచి పాడించింది.

నిన్న బడికి వెళ్లి పత్రంలో నా పేరు కొట్టేయించి వచ్చాను. సుగుణ తల్లి పాటను మా వీధి పిల్లలకు మా వరండాలో నేర్పడం మొదలుపెట్టాను.