రూబెన్ పోయిన చోటు

లూదియా మాట ఇస్తే తప్పే మనిషి కాదు. ఆ గుణమే ఆమె కొంప ముంచింది.

ఊరు ఆళ్లగడ్డ. మొగుడు రూబెన్ ఇళ్లకు రంగులేసేవాడు. పని ఎక్కువని నంద్యాలకొచ్చారు. రిటైరైన కండక్టరు శ్రీశైలం ఇంటి వెనక వాటాలో అద్దెకు దిగారు. రూబెన్‌కు అప్పటికే ఊపిరితిత్తులు చెడిపోయాయి, మెట్లెక్కితే ఆయాసం. అది చూసి శ్రీశైలం భార్య తిరుపాలమ్మ మొదటిరోజే చెప్పేసింది.

"ఏమనుకోగాకు లూదియా. ఇంట్లో పానం పోతే, నచ్చత్రం బాగలేదంటే, మేం ఆర్నెల్లు ఇల్లు మూసిపెట్టి బయట బతకాల. అట్లాంటిదేమన్నా అనిపిస్తే ముందే మీ ఊరికి తీసకపో."

"మీ ఇంట్లో కానీనక్కా," అంది లూదియా. చర్చికి పోయే మనిషికి నక్షత్రాలతో పనేముంది? అయినా ఎదుటివాళ్ల పట్టింపును కాదనడం ఎందుకని ఒప్పుకుంది.

తిరుపాలమ్మ చెడ్డదేమీ కాదు. రోజూ మజ్జిగ పంపేది. ఓపిక ఉన్న రోజుల్లో రూబెన్ ఆ వాటాకు ఊరికే సున్నం కొట్టిపెట్టాడు. కిటికీ పక్క గోడకు మాత్రం లేత నీలం వేసుకున్నాడు, పడుకుని చూడటానికి బాగుంటుందని.

ఆ గోడ పక్కనే పోయాడు, ఓ సాయంత్రం. లూదియా ఒడిలో తల పెట్టుకుని నీళ్లడిగాడు, రెండు గుక్కలు తాగాడు, అంతే. ఆమెకు తెలిసింది. ఏడిస్తే పక్కింటికి వినబడుతుంది. విని నలుగురూ వస్తే ఇచ్చిన మాట గంగలో కలుస్తుంది. పమిట నోట్లో కుక్కుకుని, ఆటో నడిపే తమ్ముడు ఎలీషాకు ఫోన్ చేసింది.

ఆ తర్వాత చేసింది తల్చుకుంటే ఇప్పటికీ ఆమె ఒళ్లు జలదరిస్తుంది. శవానికి చొక్కా తొడిగింది, తల మీద తువ్వాలు కప్పింది. ఎలీషా భుజాలు పట్టుకుంటే, కాళ్లు పట్టడానికి శ్రీశైలమే వచ్చాడు. పట్టుకున్నవాడు ఒక్క క్షణం ఆగి, లూదియా ముఖంలోకి చూశాడు. అయినా మోశాడు. వీధివాళ్లు గడపల్లో నిలబడి చూస్తుంటే లూదియా గట్టిగా అంది, "కొంచెం ఓర్చుకో, ఊరికి పోతాండాం, ఆడ పెద్దడాక్టరుకు సూపిస్తా." చచ్చిపోయిన మొగుడితో, వీధి వీధంతా వినేటట్టు!

ఆళ్లగడ్డ చేరాక గొంతెత్తి ఏడ్చింది. మరునాడు అక్కడే పూడ్చారు.

వారం దాటాక నంద్యాలకొచ్చింది. వితంతు పింఛను రావాలంటే మరణ ధ్రువపత్రం ఉండాలి. ఆ పింఛను తప్ప ఆమెకు ఇక వేరే ఆధారం లేదు; రూబెన్‌ను చూసుకోవడానికి బడిలో ఆయా పని ఎప్పుడో మానేసింది. చావు ఎక్కడ జరిగితే అక్కడే రాయించుకోవాలని ఆళ్లగడ్డలో చెప్పారు. వార్డు సచివాలయంలో ఆ పని చూసే పద్మ ఆధార్ తిప్పి చూసింది.

"ఇందులో ఆళ్లగడ్డ అడ్రసుందిగదమ్మా. ఈడ కాపురమున్నట్టు రుజువేంది? కరెంటు బిల్లా?"

"బాడిగిల్లు మేడం. బిల్లు ఇంటాయన పేరనే ఉంది."

"అగ్రిమెంటు?"

"నోటిమాట మీదే ఉంటిమి."

"అయితే ఒక అర్జీ రాసి ఇంటాయనకియ్యి. మీరు ఆడ బాడిగకుండారని, పోయింది ఆ ఇంట్లోనేనని ఆయప్ప రాసి సంతకం పెట్టి, ఇంటిపన్ను రసీదు జిరాక్సు జత చెయ్యాల. ఇరవై ఒక్క రోజుల్లోపలైతే ఇబ్బంది లేదు, తొందరగా తీసకరా."

నోటితో అడగడానికి లూదియాకు ధైర్యం చాల్లేదు. అందుకే కాగితం మీద పెట్టడం ఆమెకూ మేలనిపించింది. గీతల కాగితం మీద కుదురుగా రాసింది:

"శ్రీశైలం అన్నగారికి లూదియా నమస్కరించి రాసుకున్నది. నేను, నా భర్త రూబెన్ మీ ఇంటి వెనక వాటాలో అద్దెకు ఉన్నాము. మా ఆధార్‌లో ఆళ్లగడ్డ చిరునామా ఉంది. కావున మేము మీ ఇంట్లో కాపురమున్నట్టు, ఈ నెల నాలుగో తేదీన నా భర్త ఆ ఇంట్లోనే మరణించినట్టు రాసి, సంతకం చేసి ఇప్పించగలరు. ఇది మరణ నమోదుకు రుజువుగా చూపడానికే గాని మరే హక్కు కోసమూ కాదని మాట ఇస్తున్నాను."

మళ్లీ మాటే! ఇచ్చిన ఒక్క మాట చాల్లేదు ఈమెకు.

శ్రీశైలం వసారాలో కూర్చుని రెండుసార్లు చదివాడు. తిరుపాలమ్మ వంటింటి గుమ్మంలోంచి కదల్లేదు.

"కాపురముండారని రాసిస్తా. దాంట్లో నాకేం నష్టం ల్యా," అన్నాడు. "ఇంట్లోనే పోయినాడని ఎట్ల రాసేది? వీధి వీధంతా సూడలేదా, మాట్లాడతా తీసకపోతివి గదా."

"నీకు తెల్దా అన్నా? కాళ్లు పట్టుకున్నేది నువ్వేగదా. సల్లగా లేవా అవి?"

శ్రీశైలం కళ్లజోడు తీసి లుంగీకి తుడిచాడు. వంటింటి గుమ్మం వైపు చూశాడు. తిరుపాలమ్మ ఏడుస్తోంది, అయినా తల అడ్డంగానే ఊపింది.

"ఈడ పోయినాడని తెలిస్తే పంచాంగం సూసే అయ్యవారు ఏమంటాడో! మేం యాడికి పోవాల లూదియా? ఈ వయసులో మాకెవురు బాడిగకిస్తారు?" అంది.

ఆ భయం అబద్ధం కాదు. అందుకే లూదియా కోప్పడలేకపోయింది. కోప్పడగలిగి ఉంటే కనీసం గుండె బరువు తగ్గేది.

శ్రీశైలం పాపం, సాయం చేస్తున్నాననే అనుకుని రాశాడు. రూబెన్, లూదియా తన ఇంట్లో అద్దెకు ఉన్న మాట నిజమనీ, నాలుగో తేదీ సాయంత్రం రూబెన్ ప్రాణంతోనే ఆటోలో ఊరికి బయలుదేరాడనీ రాశాడు. పొందిగ్గా సంతకం పెట్టి, పన్ను రసీదు నకలు గుండుసూదితో గుచ్చి ఇచ్చాడు.

పద్మ చదివి నొసలు కొట్టుకుంది.

"పానంతో పోయినాడంటే ఈడ నేనెట్ల రాసేదమ్మా? వీధోళ్లనడిగినా ఇదే చెప్తారు. బండిలో పోతాంటే చనిపోతే, ఆ బండి మొదట యాడ ఆగిందో ఆడ రాస్తారు. నడిపినోడు వచ్చి చెప్పాల. మీ ఆటో యాడ ఆగింది?"

"శిరివెళ్ల కాడ," అన్నాడు పక్కనున్న ఎలీషా. ఆ రోజు అద్దంలో వెనక్కి చూసి, బావ తల వాలిన తీరు చూసి, అక్కడ బండి ఆపాడు. బాటిల్‌తో నీళ్లు తెచ్చి అక్కకు తాగించాడు.

బయటికొచ్చాక లూదియా చెట్టుకింద కూలబడింది. "ఆయప్ప నా ఒళ్లో పోయినాడురా. రోడ్డు మీద దిక్కులేకుండా పోయినట్టు రాపిచ్చాల్నా?"

"కాగితం ల్యాకుంటే ఏం తింటావక్కా?" అన్నాడు ఎలీషా. లూదియా లేచి ఆటో ఎక్కింది.

శిరివెళ్ల సచివాలయంలో ఎలీషా దారిలోనే పోయాడని చెప్పాడు, వాళ్లు రాసుకున్నారు. పత్రం వచ్చింది. మరణించిన స్థలం: జాతీయ రహదారి, శిరివెళ్ల. లూదియా ఆ ఒక్క ముక్కే మళ్లీ మళ్లీ చదువుకుంది.

పింఛనుకు అర్జీ పెట్టి, ఇల్లు ఖాళీ చేయడానికి వచ్చింది. ఆటోలో సామాను ఎక్కిస్తుంటే, వాటా చూడటానికి ఒక కొత్త జంట వచ్చింది. అమ్మాయి నిండు చూలాలు. నీలం గోడ చూసి ముచ్చటపడింది. వెంట వచ్చిన ఆమె తల్లికి మాత్రం అనుమానం తీరలేదు.

"ఈ ఇంట్లో ఏమన్నా అయిందాక్కా? పిల్ల కాన్పుకుంది, ముందే చెప్పండి."

తిరుపాలమ్మ ముఖం పాలిపోయింది. "ఏమీ కాలే. కావాలంటే ఈమెనడుగు, ఇన్నాళ్లూ ఉన్నేది ఈమెనే."

ముగ్గురూ లూదియా వైపు తిరిగారు. చంకలో సంచీ, సంచీలో ఆ పత్రం. నోటిదాకా వచ్చింది, ఇదిగో ఈ గోడ పక్కనే, నా ఒళ్లోనే అని. ఎదురుగా చూలాలు పొట్ట మీద చెయ్యేసుకుని నిలబడి ఉంది.

"ఏమీ కాలేదమ్మా," అంది లూదియా. "మా ఆయన ఊరికి పోయే దావలో పోయినాడు."

తిరుపాలమ్మ గబుక్కున వచ్చి చెయ్యి పట్టుకోబోయింది. లూదియా విడిపించుకుని ఆటో ఎక్కింది. వీధి మలుపు తిరిగేదాకా ఆగి, అప్పుడు ఏడ్చింది. "రెండోతూరి మోసకొచ్చినారా ఆయప్పను ఆ ఇంట్లోంచి. ఈసారి నేనొక్కదాన్నే మోసినా." శిరివెళ్ల వచ్చినప్పుడు ఎలీషా బండి ఆపకుండా పోనిచ్చాడు.