రెండు నిమిషాల నలభై సెకన్లు

రెబెక్కమ్మగారు మొదటిసారి నా కొట్టుకు వచ్చినప్పుడు, ఎవరో పెళ్ళికార్డు అచ్చుకు వచ్చారనుకుని లేచి కుర్చీ వేశాను. పెళ్ళికార్డులు వేయించుకునేవాళ్ళు నాయుడుపేటలో ఇంకా మిగిలి ఉన్నారన్న పిచ్చి ఆశ నాకెప్పటికీ చావదు. ఆవిడ కూర్చోలేదు. సంచిలోంచి రూళ్ళ కాగితం తీసి నా కీబోర్డు మీద పెట్టింది. దాని మీద ఒక వరసలో నిమిషాలు, ఇంకో వరసలో మాటలు. పన్నెండో నిమిషం, క్‌రీస్‌తు. పద్నాలుగు, ప్‌రభువు. పద్దెనిమిది, ఆత్‌మ.

"ఇవి నువ్వు కొట్టినవేనా, నాయనా?" అని అడిగింది.

నాకు ఒళ్ళు మండింది. ముప్పై ఏళ్ళు డీటీపీ చేసినవాణ్ణి. కరపత్రాలు, వోటరు లిస్టులు, శ్రాద్ధం కార్డులు, ఈ చేతుల మీదుగా పోనిది లేదు. నా ఒత్తు జారిందన్నవాడు లేడు. అదే మాట గట్టిగానే అన్నాను. ఆవిడ చెవి చూపించి చెయ్యి అడ్డంగా ఊపింది. మూడేళ్ళ కిందట జ్వరం వచ్చి రెండు చెవులూ పోయాయట. అరిచి లాభం లేదని, కంప్యూటరులో అక్షరాలు పెద్దవి చేసి టైపు చేశాను: మీరు ఎవరు?

వాకాడు అవతల, సముద్రం గాలి తగిలే ఒక చిన్న ఊళ్ళో సంఘం నడిపిన పాస్టరు కృపాదానంగారి భార్య. పాస్టరుగారు పోయిన జనవరిలో గుండె ఆగి చనిపోయారు. సంఘం పెద్ద రూఫస్, మైకుసెట్ల కొట్టు అతనిది, పాత ప్రసంగాలన్నీ యూట్యూబులో పెడుతూ, తెలుగు సబ్‌టైటిళ్ళ పని నాకిచ్చాడు. తెలుగు ప్రసంగానికి తెలుగు సబ్‌టైటిళ్ళు ఎవడు చదువుతాడయ్యా అని నేనే నవ్వాను. చదివే మనిషి ఒకరున్నారని అప్పుడు తెలిసింది. ప్రపంచం మొత్తానికీ ఆ ఒక్కరే.

చెవులు పోయిన తరవాత ఆయన చెప్పిన ప్రసంగాలు ఆవిడకు ఒక్కటీ తెలియవు. ప్రతి ఆదివారం ముందు బెంచీలో కూర్చుని నోరు చూసేది. కొంత అర్థమయ్యేది, చాలా పోయేది. ఇప్పుడు ఒక్కొక్కటీ టీవీలో పెట్టుకుని, ఆయన పెదవులు చూస్తూ, కింద మాట చదువుతూ వింటోంది. వింటోంది అనే అంది.

తప్పు నాదే. నాకు చేతికి వచ్చింది పాత ఫాంటు. అందులో కొట్టి, యూనికోడులోకి మార్చే ఒక చిన్న ప్రోగ్రాంలో వేసి, ఎస్సార్టీ అనే సబ్‌టైటిళ్ళ ఫైలు చేసి రూఫస్‌కు పంపేవాణ్ణి. ఆ ప్రోగ్రాం పొల్లు వచ్చిన ప్రతిచోటా కంటికి కనపడని ఒక అక్షరం చొప్పిస్తోంది. పొల్లునూ తరవాతి హల్లునూ కలవనివ్వని అడ్డుకర్ర అది. దాంతో ఒత్తు కిందికి దిగకుండా పక్కన నిలబడుతోంది. పంపే ముందు టీవీలో ఒకసారి చూసుంటే తెలిసేది. చూడలేదు. కాగితం మీద అచ్చు చూసి సరిదిద్దే అలవాటు నాది, తెర మీద చూడటం చిన్నతనం.

ఆవిడ ఎదుటే ఆ అడ్డుకర్రలన్నీ వెతికి ఒక్క దెబ్బకు తీసేశాను. క్రీస్తు ఒక్కటయ్యాడు. కానీ సెల్‌ఫోను కాస్తా సెల్ఫోనై కూర్చుంది. అక్కడ ఆ అడ్డు ఉండాలి మరి. అలాంటివి చేత్తో వెతికి మళ్ళీ పెట్టాను. పొద్దు వాలేదాకా ఆవిడ కదల్లేదు. మధ్యలో నాకు టీ కూడా తెప్పించింది. నా కొట్లో అంతసేపు ఒక మనిషి కూర్చుని ఎన్నాళ్ళయిందో లెక్కపెట్టుకున్నాను, గుర్తు రాలేదు. పెళ్ళీ పెటాకులూ లేని మనిషిని. కొట్టు వెనక గదిలోనే వండుకుంటాను, పడుకుంటాను.

ఆ తరవాత నెలకు రెండుసార్లు బస్సెక్కి వచ్చేది, కాగితంతో. నేను టైపు చేసేవాణ్ణి, ఆవిడ నోటితో చెప్పేది. ముప్పై ఏళ్ళు ఆడపిల్లలకు కుట్టు నేర్పిందట. కుట్టు ఎక్కడ తప్పిందో చెప్పినట్టే నా ఫైళ్ళ సంగతీ చెప్పేది. విసుక్కుంటూనే ఎదురు చూసేవాణ్ణి. ఈ మాట ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

ఆగస్టులో వచ్చినప్పుడు మాత్రం కాగితం మీద అక్షరదోషం ఒక్కటీ లేదు. అది నవంబరు ప్రసంగం, పాస్టరుగారు పోవడానికి రెండు నెలల ముందుది. ఆవిడ రాసింది ఇది: ఇరవై ఆరో నిమిషం, ఆయన నవ్వుతున్నాడు, కింద ఏడుపు మాటలు. ఇరవై తొమ్మిదిన్నర నుంచి వచ్చే మాటలు ఆయన నోట్లో లేవు.

"నలభై ఏళ్ళు చూసిన నోరు నాయనా అది. ఆ మాటలు ఆయన అనలేదు. నువ్వు రాసినావా?"

నేను రాయడమేమిటి, నాకేం పని! ఫైలు తెరిచాను. ఆ వరసలు నేనే కొట్టినవి. పాడు అలవాటు, కొట్టేటప్పుడు నా చేతులు వింటాయి, నేను వినను. ఆ రోజు మొదటిసారి చదివాను.

ఇంట్లో ఆమెకు చెవులు పోయినాయి. నేనేం చెప్పినా తల ఊపుతాది. వినపడిందని నాకు అబద్ధం చెప్తాది. నేనూ నమ్మినట్టే ఉంటాను. ప్రభువా, మా ఇద్దరి అబద్ధమూ క్షమించు. ఆమెతో మాట్లాడకుండా ఉండటం నా వల్ల కావడం లేదు.

ఏం జరిగిందో చూడటానికి అరగంట పట్టింది. నేను కొట్టింది మైకుల మిక్సరు నుంచి నేరుగా ఎత్తిన ఆడియో విని. అది నలభై ఎనిమిది నిమిషాలు. రూఫస్ ఎక్కించిన వీడియో నలభై అయిదు నిమిషాల ఇరవై సెకన్లు. మొదటి మాట సరిపోయింది, చివరి మాట రెండు నిమిషాల నలభై సెకన్లు ఆలస్యంగా వచ్చింది. వేగం తేడాతో కొంచెం కొంచెంగా జరుగుతూ వచ్చిందనుకుని, మొదటినీ చివరినీ వీడియోకు కట్టి, మధ్య ఉన్న వరసలన్నిటినీ సమంగా కుదించేశాను. రెండు కొసలూ కలిశాయి గదా, ఇంకేం చూడాలి అనుకుని పంపేశాను. నడుమ ఒక్కచోట తెరిచి చూసుంటే తెలిసిపోయేది. జరగడం కాదు అది. ముక్క తెగిపోయింది. ముప్పై ఒకటో నిమిషం పది సెకన్ల దగ్గర మొదలై ముప్పై మూడు యాభై దాకా రూఫస్ కోసేశాడు.

ఇప్పుడు సరిచేయడం పెద్ద పని కాదు. కోత దాకా పాత వేళలే ఉంచాలి, కోసిన ముక్కలోని వరసలు తీసేయాలి, ఆ తరవాతవన్నీ రెండు నిమిషాల నలభై సెకన్లు ముందుకు జరపాలి. పావుగంటలో అయింది. ఆవిడకు చూపించాను. నవ్వు కింద నవ్వు మాట వచ్చింది. ఆవిడ దాని వంక చూడనైనా లేదు.

"ఆ మాటలు అన్నాడా, లేదా?"

అన్నారు, వీడియోలో కోసేశారు, అని టైపు చేశాను.

"అది నాకు చూపించు. ఆ నోరు నేను చూడాల. నాకింకేమీ వద్దు."

రూఫస్‌కు ఫోను చేశాను. అక్కడ అయ్యగారు పుల్‌పిట్ పట్టుకుని ఊరికే నిలబడిపోయాడన్నా, చూసేవాళ్ళకు విసుగని తీసేసినా, అన్నాడు. అసలు వీడియో ఏదయ్యా అంటే కెమెరా కార్డు నిండిపోయి ఎప్పుడో చెరిపేశాడట. తిట్టాను. గట్టిగానే తిట్టాను. నేను చేసిన పనేం గొప్పది గనక.

మిగిలింది ఆడియో ఒక్కటే. ఆయన గొంతు మొత్తం నా కంప్యూటరులో ఉంది, ఊపిరితో సహా. వినాల్సిన మనిషి నా ఎదురుగా కూర్చుని ఉంది. బొమ్మ లేదు, గొంతే ఉంది అని టైపు చేయడానికి నాకు చాలాసేపు పట్టింది. చదివి, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ అలాగే కూర్చుంది. నాకు లేచి బయటికి పోవాలనిపించింది. పోలేదు.

మర్నాడు రమ్మని పంపి, ఆ ముక్కకు ఒక నల్ల తెర వీడియో చేశాను. దాని మీద మాటలు మాత్రమే. మామూలుగా నేను ఒక వరస తరవాతి వరస మొదలయ్యేదాకా తెర మీదే నిలబెడతాను. డీటీపీ బుద్ధి, ఖాళీ కనపడితే చేతులు ఊరుకోవు. ఈసారి అలా చేయలేదు. ఆయన మాట మొదలుపెట్టిన క్షణాన మొదలు, ఆపిన క్షణాన ముగింపు. చెవులకు హెడ్‌ఫోను పెట్టుకుని సెకనులో పదో వంతు దాకా చూసి కట్టాను. ముప్పై ఏళ్ళలో ఏ పనీ అంత ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేయలేదు.

ఆవిడ మధ్యాహ్నం బస్సుకు వచ్చింది. కుర్చీ తెరకు దగ్గరగా లాక్కుంది. ప్లే నొక్కాను. ఇంట్లో ఆమెకు, అని వచ్చి పోయింది. తెర నల్లబడింది. అయిదు సెకన్లు. చెవులు పోయినాయి. మళ్ళీ నలుపు. ఎనిమిది సెకన్లు. అలా చివరిదాకా చదివింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు, నుదురు ముడి వేసుకుని నా వైపు తిరిగింది.

"మాటకీ మాటకీ నడుమ ఇంతసేపేంది? ఇదీ తప్పు కట్టినావా?"

అవునమ్మా, నా పొరపాటే అని కొట్టడానికి వేళ్ళు కీబోర్డు మీద పెట్టాను. ఇట్టే నమ్మేసేది. రెండుసార్లు తప్పు చేసి పట్టుబడినవాణ్ణి గదా. ఆ ఖాళీల్లో ఏముందో నేను విన్నాను, ఆవిడ వినలేదు, వినే వీలూ లేదు. తెలియకపోతే ఆవిడకు పోయేదేముంది? కానీ ఆవిడ అడిగింది నా ఫైలు సంగతి కాదు, ఆయన సంగతి. అది దాచడానికి నేనెవరిని?

తప్పు కాదమ్మగారూ, వేళలన్నీ సరిగ్గా ఉన్నాయి, అని టైపు చేశాను. తరవాతి వరస కొట్టాను: ఆయన ఊపిరి తీసుకుంటున్నారు.

ఆవిడ అది రెండుసార్లు చదివింది. పెదవులు కదిలాయి.

"నవంబరుకే?"

తల ఊపాను.

"నాకు తెలీదు. ఇంట్లో మాట్లాడటం తగ్గించేసినాడు. చెవిటిదానితో ఏం మాట్లాడతాడులే అనుకున్నా. విసుగేమో అనుకున్నా." నేను కొట్టిన వరస మీద వేలు పెట్టి, "ఆయాసమని చెప్పలేక గదా," అంది.

 

మళ్ళీ పెట్టమంది. పెట్టాను. ఈసారి ఆవిడ మాటలు చదవడం లేదు. అవి వచ్చినప్పుడు కళ్ళు వాల్చి, తెర నల్లబడినప్పుడు తలెత్తి చూస్తోంది.